మూడేళ్లలో 9.37 లక్షలు కట్టాను, అసలు తగ్గింది 1.95 లక్షలే. ఎందుకిలా?

రాజ్యలక్ష్మి, ఖమ్మం

ఇంటి కోసం 30 లక్షల అప్పు తీసుకుని మొన్నటికి మూడేళ్లు నిండాయి. 20 ఏళ్ల గడువు, 8.5 శాతం వడ్డీ. మొదటి మూడేళ్లు స్థిర వడ్డీ, ఇప్పుడు ఫ్లోటింగ్‌కు మారింది. నెలకు 26,035 రూపాయల కిస్తీ. ఒక్క నెల కూడా తప్పలేదు. జీతం పడిన మూడో రోజే ఖాతాలోంచి పోతుంది.

నిన్న స్టేట్‌మెంట్ తీసుకుని చూశాను. 36 కిస్తీలకు మొత్తం కట్టింది 9,37,260. మిగిలిన అప్పు 28,04,580! అంటే నేను కట్టినదాంట్లో అసలుకు జమైంది 1,95,420 మాత్రమే. మిగతా ఏడు లక్షల నలభై వేల చిల్లర వడ్డీకే పోయింది. ఆ కాగితం చూశాక రాత్రి నిద్ర పట్టలేదు. నేను బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను, లెక్కల్లో అంత పట్టు లేదు. బ్యాంకు నా దగ్గర ఎక్కువ తీసుకుందా, లేక లెక్కే ఇలా ఉంటుందా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

శ్రీనివాస్, నెల్లూరు

మేడమ్, ఇది అందరికీ జరిగేదే. మొత్తం 20 ఏళ్ల వడ్డీని బ్యాంకులు ముందే లెక్కగట్టి, దానిలో ఎక్కువ భాగాన్ని మొదటి ఏళ్లలోనే రాబట్టుకుంటాయి. మనం మధ్యలో అప్పు తీర్చేసినా వాళ్ల లాభం వాళ్లకు వచ్చేయాలి కదా. అందుకే పదేళ్లు దాటాక ముందస్తుగా కట్టినా ఉపయోగం లేదంటాను. అప్పటికే వడ్డీ అంతా తీసేసుకుని ఉంటారు. కట్టదలచుకుంటే ఇప్పుడే కట్టండి.

పద్దు పుస్తకం

రాజ్యలక్ష్మి గారూ, నేను బ్యాంకులో రుణాల విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మీ అంకెలు వేసి చూశాను, సరిగ్గానే ఉన్నాయి. మీ దగ్గర ఒక్క రూపాయి కూడా ఎక్కువ తీసుకోలేదు. శ్రీనివాస్ గారు చెప్పింది చాలామంది నమ్మేదే, కానీ లెక్క అలా నడవదు.

ఊళ్లో నోటు రాసి అప్పు తెచ్చుకునే పద్ధతితో చెబుతాను, మనకు అది బాగా తెలుసు. నూటికి రూపాయి వడ్డీ అంటే నెలకు వందకు ఒక రూపాయి, ఏడాదికి 12 శాతం. మీ 8.5 శాతాన్ని 12 నెలలకు పంచితే నూటికి 71 పైసల వడ్డీ అవుతుంది, రవ్వంత తక్కువ. ఇప్పుడు 30 లక్షలకు నూటికి 71 పైసల లెక్కన ఒక నెల వడ్డీ ఎంత? కచ్చితంగా వేస్తే 21,250. మొదటి నెల మీరు 30 లక్షలూ వాడుకున్నారు కాబట్టి ఆ నెల బాకీ అది. మీరు 26,035 ఇచ్చారు. ఊళ్లో నోటు వెనక చెల్లు వేసేటప్పుడు ఏం చేస్తారు? ముందు అప్పటివరకు అయిన వడ్డీ పట్టుకుని, మిగిలింది అసలుకు జమ వేస్తారు. బ్యాంకూ అదే చేసింది. 21,250 పోగా మిగిలిన 4,785 అసలుకు జమ అయింది.

రెండో నెల మీ దగ్గరున్న అప్పు 29,95,215. దాని మీద వడ్డీ 21,216. అంటే మొదటి నెల కంటే 34 రూపాయలు తగ్గింది. కిస్తీ మారదు కాబట్టి ఆ 34 రూపాయలు అసలు వైపు చేరి, అసలుకు 4,819 జమ అయింది. మూడో నెల ఇంకో 34. ఇలా కదులుతుంది. ఏ నెలలోనూ రాబోయే నెలల వడ్డీ తీసుకోరు. ఆ నెల మీ చేతిలో ఎంత అప్పు ఉందో దానికి ఆ నెల వడ్డీ, అంతే.

మొదట్లో వడ్డీ ఎక్కువగా కనిపించడానికి కారణం అప్పు మొదట్లో పెద్దదిగా ఉండటం. అసలు తక్కువ పడటానికి కారణం మీ కిస్తీ ఆ వడ్డీ కంటే కాస్త మాత్రమే పెద్దది కావడం.

శ్రీనివాస్, నెల్లూరు

పద్దు పుస్తకం గారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంది. కానీ మా అన్నయ్య పదో ఏట అప్పు తీర్చబోతే, అప్పటికే కట్టినదాంట్లో మూడింట రెండు వంతులకు పైగా వడ్డీకే పోయిందని తేలింది. ముందే రాబట్టుకోవడం అంటే అదే కదా?

పద్దు పుస్తకం

దానికి ఒక పరీక్ష ఉంది. రాజ్యలక్ష్మి గారి అప్పే తీసుకుందాం. పదేళ్లు, అంటే 120 కిస్తీలు కట్టాక ఆమెకు మిగిలే అప్పు దాదాపు 21 లక్షలు. కచ్చితంగా చెప్పాలంటే 20,99,800 దరిదాపుల్లో ఉంటుంది. ఇంకా పదేళ్ల గడువు ఉంటుంది.

ఇప్పుడు పక్కింటివారు అదే రోజు, అదే 20,99,800ను, అదే 8.5 శాతానికి, పదేళ్లకు కొత్తగా తీసుకున్నారనుకోండి. వారి కిస్తీ ఎంత పడుతుందో ఏ కాలిక్యులేటర్‌లోనైనా వేయండి. 26,035 వస్తుంది. వారి మొదటి నెల వడ్డీ, ఆమె 121వ నెల వడ్డీ ఒక్కటే. అక్కడి నుంచి చివరి నెల దాకా ఇద్దరి పట్టికలూ వరుస వరుసకీ సరిపోతాయి.

పదేళ్ల వడ్డీని ముందే రాబట్టుకుని ఉంటే ఆమెకు మిగతా పదేళ్లు కొత్తవాళ్ల కంటే తక్కువ వడ్డీ పడాలి కదా? పడదు. అంటే ముందు తీసుకున్నది ఏమీ లేదు. మీ అన్నయ్య గారు కట్టిన వడ్డీ, ఆ పదేళ్లు ఆయన వాడుకున్న సొమ్ముకు అయిన వడ్డీయే.

వేణు

మాదీ ఇదే బాధ. ఏడాదిగా నెలకు 14 వేలు కడుతున్నా మాకు అసలు ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. రాజ్యలక్ష్మి గారికి కనీసం రెండు లక్షలైనా తగ్గింది. ఫ్లాట్ ఇంకా నాలుగో అంతస్తు స్లాబ్ దగ్గరే ఉంది. దీనికి పరిష్కారం ఏమిటి?

పద్దు పుస్తకం

వేణు గారూ, మీది వేరే సంగతి. మీరు కడుతున్నది ఈఎంఐ కాదు, ప్రీ ఈఎంఐ. ఇల్లు పూర్తయ్యేదాకా, బిల్డరుకు విడుదలైన సొమ్ము మీద వడ్డీ మాత్రమే కట్టించుకునే ఏర్పాటు అది. అందులో అసలు భాగం ఉండనే ఉండదు, ఎన్నాళ్లు కట్టినా తగ్గదు. పూర్తి ఈఎంఐ ఇప్పటి నుంచే మొదలుపెట్టే వీలుందేమో మీ శాఖలో అడగండి. కొన్ని చోట్ల ఇస్తారు. అద్దె కూడా కడుతున్నవారైతే భారం చూసుకుని నిర్ణయించుకోండి.

మిల్లు సుబ్బారావు

మా రైస్ మిల్లు టర్మ్ లోన్‌కు ఇలా ఉండదు. అసలును నెలలకు సమానంగా పంచేసి, మిగిలిన అప్పు మీద ఆ నెల వడ్డీ విడిగా కలిపి కట్టేవాళ్లం. మొదటి నెల కిస్తీ ఎక్కువ, నెలనెలా తగ్గుతూ పోతుంది. అసలు తొలి నెల నుంచే సమానంగా కరిగేది. ఇళ్ల అప్పులకు ఆ పద్ధతి ఎందుకు పెట్టరు?

పద్దు పుస్తకం

సుబ్బారావు గారు ఈ చర్చకు కావలసిన మాటే తెచ్చారు. మేడమ్ అప్పుకు మీ పద్ధతి వేసి చూద్దాం. 30 లక్షలను 240 నెలలకు పంచితే నెలకు 12,500 అసలు. మొదటి నెల వడ్డీ అదే 21,250. మొత్తం 33,750 కట్టాలి. చివరి నెలకు అది 12,589కి దిగుతుంది. 20 ఏళ్లలో మొత్తం వడ్డీ 25.6 లక్షలు. ఈఎంఐ పద్ధతిలో 32.48 లక్షలు. తేడా ఏడు లక్షలకు కొంచెం తక్కువ.

గమనించండి, మొదటి నెల వడ్డీ రెండు పద్ధతుల్లోనూ ఒక్కటే. తేడా అసలులో ఉంది. ఈఎంఐ అంటే 20 ఏళ్లూ కిస్తీ ఒకేలా ఉండాలని మనం పెట్టుకున్న షరతు. వడ్డీ ఎక్కువగా ఉండే తొలి ఏళ్లలో కిస్తీ పెరగకూడదంటే అసలు భాగమే కుదించుకోవాలి. ఆ వెసులుబాటు ఖరీదే ఆ ఏడు లక్షలు.

మరి ఇళ్లకు ఎందుకు పెట్టరంటే, జీతగాళ్లకు మొదట్లో జీతం తక్కువ, ఖర్చులు ఎక్కువ. అప్పుడే 33,750 కట్టగలవారు తక్కువ. పైగా కట్టగల కిస్తీని బట్టే అప్పు ఇస్తారు కాబట్టి, ఆ పద్ధతిలో ఆమెకు 30 లక్షలు మంజూరయ్యేది కాదేమో.

వనజ, తిరుపతి

నేను కళాశాలలో గణితం చెబుతాను. ఒక విషయం చేరుస్తాను, ఇది నాకు ఎంతో నచ్చిన సంగతి. మొదటి కిస్తీలో అసలు వాటా ఎంత ఉంటుందో అప్పు మొత్తాన్ని బట్టి మారదు. వడ్డీ రేటు, గడువు, ఈ రెండే తేలుస్తాయి. 8.5 శాతానికి లెక్కవేస్తే, మొదటి కిస్తీ ప్రతి వంద రూపాయల్లో అసలుకు చేరేది ఇంత: గడువు 5 ఏళ్లయితే 65 రూపాయలు, 10 ఏళ్లయితే 43, 20 ఏళ్లయితే 18, 30 ఏళ్లయితే 8.

కాబట్టి తొలి కిస్తీలన్నీ వడ్డీకే పోతాయన్న మాట పొడవైన అప్పులకే వర్తిస్తుంది. అయిదేళ్ల కారు అప్పులో మొదటి నెల నుంచే అసలుది పైచేయి.

రాజ్యలక్ష్మి గారికి అసలు వాటా వడ్డీని ఎప్పుడు దాటుతుంది? 143వ కిస్తీకి. అంటే పన్నెండో ఏడు ముగియబోతుండగా. ఇంకోలా చెబితే చివరి 98 కిస్తీల్లో అసలు ఎక్కువ. 8.5 శాతానికి ఈ 98 మారదు, పది లక్షల అప్పుకైనా కోటి రూపాయల అప్పుకైనా, 15 ఏళ్లకైనా 30 ఏళ్లకైనా ఇంతే. గడువు పెంచుకున్నప్పుడు మనం చేరుస్తున్నవన్నీ ఆ 98కి ముందు వచ్చే, వడ్డీ ఎక్కువుండే నెలలే.

సొంతంగా చూసుకోవాలంటే కంప్యూటర్‌లో ఏ స్ప్రెడ్‌షీట్‌లోనైనా ఇవి వేయండి. మొదటిది కిస్తీ, రెండోది మొదటి నెల వడ్డీ, మూడోది 143వ నెల అసలు.

```
=PMT(8.5%/12,240,-3000000)
=IPMT(8.5%/12,1,240,-3000000)
=PPMT(8.5%/12,143,240,-3000000)
```

రాజ్యలక్ష్మి, ఖమ్మం

వనజ గారూ, వేసి చూశాను. మూడోది 13 వేల పైన వచ్చింది, సగానికి కాస్త ఎక్కువ. రెండోదాంట్లో నెల అంకె మార్చి 37 వేస్తే వడ్డీ 19,866 చూపిస్తోంది. బ్యాంకు నాకు ఈ నెల వేసింది కూడా అదే. మనసు కొంత కుదుటపడింది. నన్ను మోసం చేశారేమో అనుకున్నాను.

కిరణ్, మియాపూర్

నా అనుభవం చెబితే ఇక్కడ చాలామందికి పనికొస్తుంది. 2021 మార్చిలో 30 లక్షలు, 6.75 శాతం, 20 ఏళ్లు. కిస్తీ 22,811. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకు, రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటు 4 శాతం నుంచి 6.5కి పెరిగింది. నా రేటు 9.25 అయింది. కిస్తీ మాత్రం మారలేదు. మారలేదు కాబట్టి నేను పట్టించుకోలేదు.

2023 మార్చిలో చూసుకుంటే అప్పు 28.88 లక్షలు. దాని మీద 9.25 శాతానికి ఒక నెల వడ్డీ 22,262. నా 22,811లో అసలుకు చేరుతున్నది 549 రూపాయలు! మిగిలిన కిస్తీలు 216 ఉండవలసింది 480 దాటాయి. అంటే 40 ఏళ్లు. అప్పటికి నాకు 39 ఏళ్ల వయసు. ఏ కబురూ లేకుండా గడువు పొడిగించుకుంటూ పోయారు. శాఖకు వెళ్లి కిస్తీని 27,500 చేయించుకుంటే తప్ప పాత గడువు తిరిగి రాలేదు. ఇంట్లో మూడు నెలలు ఖర్చులు సర్దుకోవడం కష్టమైంది.

ఇంకో ప్రశ్న. నాకు ప్రతి నెలా వడ్డీ ఎగుడుదిగుడుగా పడుతుంది. జనవరిలో ఎక్కువ, ఫిబ్రవరిలో తక్కువ. రాజ్యలక్ష్మి గారికి పట్టికలో ఉన్నట్టే సరిగ్గా ఎలా వచ్చింది?

పద్దు పుస్తకం

కిరణ్ గారూ, ఎగుడుదిగుడుకు కారణం మీ బ్యాంకు రోజువారీ నిల్వ మీద వడ్డీ కడుతుంది. 31 రోజుల నెలకు ఎక్కువ, 28 రోజులకు తక్కువ. రాజ్యలక్ష్మి గారి బ్యాంకు ఏడాది వడ్డీలో పన్నెండో వంతు తీసుకుంటోంది. ఆమె 28,04,580 మీద రోజువారీ లెక్కయితే 31 రోజులకు 20,247, 30 రోజులకు 19,594 పడేది. ఏడాదికి దాదాపు సమానమే. పట్టికతో పోల్చినప్పుడు మూడు నాలుగు వందల తేడా, ఫిబ్రవరిలోనైతే పదహారు వందల దాకా తేడా కనిపిస్తే కంగారు పడకండి. తేడా అంతకు మించి ఉంటే మాత్రం రేటు మారిందేమో చూడండి.

మీకు జరిగింది చాలామందికి జరిగింది. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు దీని మీద ఉత్తర్వు ఇచ్చింది. రేటు మారినప్పుడు కిస్తీ పెంచాలా, గడువు పొడిగించాలా, రెండూ కొంత కొంత చేయాలా అన్నది అప్పు తీసుకున్నవారిని అడగాలి. మూడు నెలలకోసారి ఇచ్చే స్టేట్‌మెంట్‌లో ఇప్పటిదాకా వసూలైన అసలు, వడ్డీ, ఇంకా మిగిలిన కిస్తీల సంఖ్య చూపాలి. నా మాట వినండి, ఆ కాగితం రాగానే మిగిలిన కిస్తీల సంఖ్య ఒక్కటైనా చూడండి. క్రితంసారి కంటే మూడు తగ్గి ఉండాలి. తగ్గకపోతే వెంటనే అడగండి.

శ్రీనివాస్, నెల్లూరు

21 లక్షల పరీక్ష నేనూ వేసి చూశాను, ఒప్పుకుంటున్నాను. అయితే ముందస్తు చెల్లింపు మొదట్లో చేస్తేనే లాభం అన్న నా మాట కూడా తప్పేనా?

పద్దు పుస్తకం

సగం సరైనదే శ్రీనివాస్ గారూ. ముందుగా కట్టిన ప్రతి వందా ఆ మరుసటి నెల నుంచి 71 పైసలు ఆదా చేస్తుంది. మూడో ఏటా అంతే, పదిహేడో ఏటా అంతే. కానీ మూడో ఏట కడితే ఆ 71 పైసలు మిగలాల్సిన నెలలు చాలా ఉంటాయి. కాబట్టి మొత్తం ఆదా పెద్దది. తర్వాత కడితే ఉపయోగం లేదనడం మాత్రం తప్పు.

రాజ్యలక్ష్మి, ఖమ్మం

నా దగ్గర చిట్టీ పాడిన సొమ్ము రెండు లక్షలు ఉంది. కడదామనుకుంటున్నాను. రుసుము వేస్తారా?

పద్దు పుస్తకం

మీ అప్పు ఇప్పుడు ఫ్లోటింగ్‌లో ఉంది కదా, వేయకూడదు. వ్యక్తుల ఫ్లోటింగ్ గృహరుణాల మీద ఆ రుసుమును రిజర్వు బ్యాంకు 2012లోనే ఆపించింది.

కట్టేటప్పుడు ఒకటి చూసుకోండి. రెండు లక్షలు కట్టాక కిస్తీ అలాగే ఉంచి గడువు తగ్గించమంటే, రేటు 8.5 దగ్గరే ఉందనుకుంటే, 204 కిస్తీలు 175 అవుతాయి. 29 కిస్తీలు పోతాయి, అంటే దాదాపు 7.6 లక్షలు. మీరు కట్టిన రెండు లక్షలు తీసేస్తే ఆదా 5.6 లక్షలు. అలా కాక గడువు ఉంచి కిస్తీ తగ్గించమంటే, కిస్తీ 24,178 అవుతుంది. నెలకు 1,857 మిగులుతుంది, 17 ఏళ్లకు చూస్తే ఆదా 1.8 లక్షలకు దగ్గర. చాలా చోట్ల రెండింటిలో ఒకటి వాళ్లంతట వాళ్లే పెట్టేస్తారు. మీకు ఏది కావాలో రాతలో ఇవ్వండి.

వనజ, తిరుపతి

ఇక్కడ నేను కొంచెం విభేదిస్తాను. నెలకు మిగిలే 1,857ను వేరే చోట పొదుపు చేస్తే ఆ తేడా చాలావరకు పూడుతుంది. 8.5 శాతం తెచ్చే చోటు దొరికితే రెండూ సమానమే. 5.6కూ 1.8కీ తేడా కనిపించడానికి కారణం, మొదటి పద్ధతిలో ప్రతి నెలా ఆ 1,857 కూడా అప్పుకే పోతోంది. గడువు తగ్గించడం మంచిదే, కానీ పిల్లల చదువులు దగ్గరపడినవారికి చిన్న కిస్తీ కూడా అక్కరకొస్తుంది.

మిల్లు సుబ్బారావు

8.5 శాతం, ప్రమాదం లేకుండా, పన్ను పోగా ఎక్కడొస్తుందమ్మా? నా ఓటు గడువుకే.

వనజ, తిరుపతి

అదీ నిజమే. అయితే అప్పుకు కట్టేసిన సొమ్ము అత్యవసరానికి తిరిగి చేతికి రాదు. దానికి మీ లెక్కలో విలువ ఎంత కడతారు?

రాజ్యలక్ష్మి, ఖమ్మం

మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడు. అందుకని లక్షన్నర కట్టి, యాభై వేలు చేతిలో ఉంచుకుంటున్నాను. ఈ రోజు శాఖకు వెళ్లాను. ఫారంలో కిస్తీ తగ్గింపు దగ్గరే టిక్కు పెట్టి ఇచ్చారు. కొట్టివేయించి గడువు తగ్గింపు అని రాయించి, కాపీ మీద ముద్ర వేయించుకుని వచ్చాను. మిగిలిన కిస్తీల సంఖ్య 182 అని చూపించారు. వనజ గారూ, ఇది సరిపోతుందో లేదో మీరు కూడా ఒకసారి వేసి చెబుతారా?